పచ్చదనం మధ్య దిగులు: ఒక్క సీను కోసం నాలుగు సాయంత్రాలు

పదకొండేళ్లుగా రాజోలు చుట్టుపక్కల పెళ్లిళ్లు తీస్తున్నాను. పెళ్లి వీడియోలు తీసేవాడి చేతికి కొన్ని అలవాట్లు పట్టేస్తాయి. మనిషి వెనకాల ఉన్నదంతా కరిగిపోయినట్టుండాలి, మొహాలు మెరవాలి, కొబ్బరాకులు ఉన్నదానికంటే పచ్చగా ఉండాలి. చుట్టాలు చూసి "అబ్బ, సినిమాలా ఉందండీ" అనాలి. అన్నారు కూడా. అందుకే మా బావ పది నిమిషాల చిన్న సినిమా తీద్దామన్నప్పుడు కెమెరా సంగతి నాకొదిలెయ్ అని ధీమాగా చెప్పాను.

కథ మా వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేనిది. ఒక తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్తుంది. మధ్యాహ్నం ఆటో వస్తుంది, చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కాలి. ఆటో వెళ్లిపోయాక తొమ్మిదేళ్ల పిల్ల ఇంట్లోకి రాదు, అరుగు మీదే కూర్చుంటుంది. చీకటి పడే వేళకి మామ్మ అన్నం కంచం పట్టుకొస్తుంది. ఈ అరుగు సీను నిమిషంన్నర. ఒక్క మాట ఉండదు. సినిమా బరువంతా ఆ నిమిషంన్నర మీదే.

లొకేషన్ వశిష్ఠ గట్టుకి ఇవతల, బావ వాళ్ల పెద్దమ్మగారి పెంకుటిల్లు. ముందు అరుగు, వాకిట్లో దండెం, పక్కన కొబ్బరితోట, గేటు అవతల పంటకాలువ. పిల్ల వేషానికి బావ మేనకోడలు. మామ్మ వేషానికి పక్కింటి మామ్మగారు. ఆవిడ "నాకు నటించడం రాదు నాయనా, కంచం ఇవ్వమంటే ఇస్తాను" అన్నారు. మాకూ అంతే కావాలి.

మొదటి రోజు పదకొండింటికి మొదలుపెట్టాం. 85 ఎం.ఎం. లెన్స్ పెట్టి, అపర్చర్ ఎఫ్ 1.8కి తెరిచి, పిల్ల మొహం క్లోజప్ తీశాను. కళ్లు సూదిమొనలా పదునుగా, వెనకాల తోటంతా పచ్చటి పొగలా వచ్చింది. కొబ్బరాకుల సందుల్లోంచి పడిన ఎండ గుండ్రటి వెలుగు బిళ్లలై మెరిసింది. కెమెరా వెనకాల చిన్న తెరలో చూసి అందరం ఆహా అనుకున్నాం.

రాత్రి ల్యాప్‌టాప్‌లో చూస్తుంటే బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒరేయ్, ఇది కొబ్బరినూనె యాడ్‌లా ఉందిరా."

కోపం వచ్చింది, కానీ నిజమే. పిల్ల దిగులుగానే చూస్తోంది. అయినా ఆ షాట్ చూస్తే నాకు దిగులు కలగడం లేదు, 'ఎంత బాగుందో' అనిపిస్తోంది. ఎందుకని ఆ రాత్రంతా ఆలోచించాను. వెనకాలంతా కరిగిపోయాక అక్కడ ఇల్లు లేదు, గేటు లేదు, అమ్మ వెళ్లిన దారి లేదు. ఎవరు లేకుండా పోయారో ఆ మనిషి తాలూకు ఖాళీ కూడా లేదు. ఫ్రేములో పిల్ల ఒక్కతే ఉంది గానీ ఒంటరిగా లేదు. ఒంటరితనం కనపడాలంటే చుట్టూ ఏదో ఉండాలి, అందులో ఒకటి తక్కువై ఉండాలి. బ్లర్ చేసి ఆ తక్కువైనదాన్ని కూడా నేనే తుడిచేశాను.

మర్నాడు ఎదురు దారి పట్టాను. 24 ఎం.ఎం. వైడ్ లెన్స్ పెట్టి పిల్లకి దగ్గరగా వెళ్లాను. ఇల్లు మొత్తం వచ్చింది కానీ పిల్ల మోకాళ్లు మొహం కంటే పెద్దవిగా కనిపించాయి. ఫ్రేము అంచున ఉన్న స్తంభం వాలిపోయినట్టుంది. పిల్ల కాస్త ముందుకి వంగితే ముక్కు ఉబ్బినట్టు కనపడి నవ్వొస్తోంది. దిగులు సీనులో నవ్వొచ్చిందంటే లెన్స్‌ది తప్పు అనుకున్నాను. తప్పు లెన్స్‌ది కాదని తర్వాత తెలిసింది.

భీమవరంలో ఒకాయన ఉన్నారు, మద్రాసులో సినిమా యూనిట్లలో ఫోకస్ పుల్లర్‌గా, అంటే షాట్ నడుస్తుండగా లెన్స్ ఫోకస్ తిప్పే మనిషిగా, చాలాకాలం పనిచేసి వచ్చేశారు. ఇప్పుడు చేపల చెరువులు చూసుకుంటున్నారు. ఫోన్ చేసి గోడు చెప్పుకుంటే ఆయన ఒక చిన్న పని చెయ్యమన్నారు. "ట్రైపాడ్ ఒకచోట పెట్టు, కదపొద్దు. 24తో ఒక ఫొటో, 85తో ఒక ఫొటో తియ్యి. తర్వాత 24 ఫొటోని 85 ఫొటో అంత మేరకి కోసి పక్కపక్కన పెట్టి చూడు. చూసి నాకు చెప్పు."

చూశాను. రెండూ ఒకటే! వెనక చెట్టుకి, ముందు పిల్లకి మధ్య దూరం, సైజు ఏమీ మారలేదు. 24ది కాస్త గరుకుగా ఉంది, వెనకాల బ్లర్ తక్కువ, అంతే. పదకొండేళ్లుగా 'వైడ్ లెన్స్ దూరం పెంచుతుంది, టెలి లెన్స్ దగ్గరికి లాగుతుంది' అని కొత్త కుర్రాళ్లకి చెబుతున్నవాణ్ని నేను. ఆ పని చేసేది లెన్స్ కాదు, మనం నిలబడే చోటు. మనిషి ఫ్రేములో ఒకే సైజులో రావాలంటే 24తో ఐదు అడుగుల దగ్గరికి వెళ్లాలి, 85తో పద్దెనిమిది అడుగుల దాకా వెనక్కి రావాలి. తేడా అంతా ఆ నడకలో ఉంది.

లెక్క వేసి చూస్తే ఇంకా బాగా అర్థమైంది. పిల్లకి నలభై అడుగుల వెనక కొబ్బరిచెట్టు ఉందనుకోండి. నేను ఐదు అడుగుల్లో ఉంటే చెట్టు నాకు నలభై ఐదు అడుగుల్లో ఉన్నట్టు, అంటే పిల్ల కంటే తొమ్మిది రెట్ల దూరం. పద్దెనిమిది అడుగులకి వెనక్కొస్తే చెట్టు యాభై ఎనిమిది అడుగుల్లో, పిల్ల కంటే మూడు రెట్లకి కొంచెం పైన. పిల్ల సైజు మారలేదు గానీ చెట్టు మాత్రం పిల్ల పక్కన దాదాపు మూడు రెట్లు పెద్దదైపోయి మీదికొచ్చినట్టు నిలబడుతుంది. దగ్గర నుంచి తీస్తే ఊరు పిల్లని వదిలేసి దూరంగా పారిపోయినట్టుంటుంది. దూరం నుంచి తీస్తే తోట పిల్ల మీద మూగినట్టుంటుంది. రెండింటిలో ఏది కావాలన్నది కథ చెప్పాలి.

మా కథకి రెండూ వద్దనిపించింది. ఊరు పారిపోలేదు, మీద పడలేదు. ఎప్పటిలాగే ఉంది. అమ్మ లేదు, అంతే. అంటే చూసేవాడు ఆ ఇంట్లో మనిషిలా, ఇంటివాళ్లు నిలబడే దూరంలో నిలబడి చూడాలి. పన్నెండు అడుగుల దూరం, 35 ఎం.ఎం. లెన్స్ దగ్గర ఆగాం. అంత దూరంలో ఈ లెన్స్ చూపించే అడ్డం పన్నెండు అడుగుల చిల్లర, ఎత్తు ఏడడుగులకి కొంచెం తక్కువ. కూర్చున్న పిల్ల ఆ ఎత్తులో మూడో వంతు మాత్రమే ఉంటుంది. స్తంభాలు వంకరపోవు, మోకాళ్లు ఉబ్బవు, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది బావ తేల్చాడు. వాకిట్లోంచి ఇంటివైపు కాదు, ఇంట్లోంచి వాకిలివైపు. హాల్లో కెమెరా, ఐదు అడుగుల ముందు వీధి గుమ్మం, గుమ్మం దాటి అరుగు అంచున పిల్ల వీపు, ఆపైన దండెం, గేటు, కాలువ. గుమ్మం వెడల్పు మూడడుగులు. ఐదు అడుగుల్లో 35 లెన్స్‌కి ఐదడుగుల పైచిలుకు అడ్డం కనపడుతుంది కాబట్టి రెండు పక్కలా తలుపుచెక్కలూ గోడా కలిసి ఫ్రేములో నలభై శాతం చీకటిగా మూసేస్తాయి. మిగిలిన సందులోంచే వాకిలి కనపడుతుంది. చూసేవాడు ఇంట్లో ఉన్నాడు, పిల్ల ఇంట్లోకి రాలేదు. ఆ ఒక్క సంగతి చెప్పడానికి డైలాగు అక్కర్లేకపోయింది.

మొహం కనపడకపోతే ఎలా అని నాకు భయం. పెళ్లి వీడియోలో పెళ్లికూతురు వీపు తీస్తే డబ్బులివ్వరు. బావ మాత్రం వినలేదు.

పిల్లని సందులో కుడివైపు కూర్చోబెట్టాలా, ఎడమవైపా అన్నదాని మీద ఒక సాయంత్రమంతా పోయింది. గేటు ఎడమవైపు ఉంది, పిల్ల అటే చూస్తుంది. నేర్చుకున్న పద్ధతి ప్రకారం చూపు ఎటు ఉంటే అటు ఖాళీ వదలాలి. అంటే పిల్ల కుడివైపు కూర్చోవాలి, ఎడమవైపు వాకిలంతా ఖాళీగా ఉండాలి. అలా తీశాం. చూస్తే బాగానే ఉంది గానీ ఎవరో వస్తారన్నట్టుంది. చూపు ముందున్న ఖాళీ ఎదురుచూపులా పనిచేస్తోంది. అమ్మ బజారుకెళ్లి వచ్చేస్తుందేమో అనిపిస్తోంది. మనకి కావలసింది వెళ్లిపోయాక మిగిలినది. అందుకని పిల్లని ఎడమవైపు ద్వారబంధం పక్కకి జరిపాను. ఇప్పుడు ఎడమవైపు చూస్తుంటే చూపు నాలుగు అంగుళాల్లో కర్రకి కొట్టుకుంటోంది. ఖాళీ అంతా వెనకాల, కుడివైపు పడింది. ఆ ఖాళీలో దండెం, దండెం మీద అమ్మ పొద్దున్నే ఉతికి ఆరేసిన చీర. పిల్ల దాన్ని చూడదు. మనం చూస్తాం. బావ మానిటర్ ముందు కూర్చుని "ఇదిరా" అన్నాడు. చీరని మేము సింబాలిజం కోసం పెట్టలేదని ఒప్పుకోవాలి. ఆ ఇంటి పెద్దమ్మగారు నిజంగానే ఆరేసుకున్నారు. తియ్యమని అడుగుదామనుకుంటూ ఆగాను.

ఎత్తు ఇంకో తలనొప్పి. నిలబడి తీస్తే పెద్దవాళ్ల చూపు అవుతుంది, పిల్ల నేలకి అతుక్కుపోయి జాలిగా కనపడుతుంది. జాలి వేరు, దిగులు వేరు. కెమెరా పిల్ల చెవుల ఎత్తుకి, రెండున్నర అడుగులకి దించాలి. నా ట్రైపాడ్ అంత కిందకి దిగదు. బియ్యం బస్తా మీద కెమెరా పెట్టి, పక్కన పప్పు సంచీలు సర్దాను. అంతకంటే గట్టి ట్రైపాడ్ నేను ఇంతవరకు వాడలేదు. నడుస్తూ తీసినా కుదుపు రాకుండా కెమెరాని పట్టే గింబల్ బ్యాగులోంచి తియ్యనే లేదు. ఈ షాట్‌లో కెమెరా కదిలితే, ఎవరో నడుస్తున్నారనిపిస్తుంది.

ఇక వెలుతురు. మా కోనసీమలో కెమెరా పట్టినవాడికి తెలిసిన ఇబ్బంది ఒకటుంది. ఎండ కొబ్బరాకుల మీద పడి, అరటాకుల్లోంచి వడకట్టి, గడ్డి మీద ఎగిరి వచ్చేసరికి మొహాల మీద ఆకుపచ్చ పడుతుంది. గడ్డం కింద, మెడ మీద చూడండి, జబ్బు చేసినట్టుంటుంది. కంటికి తెలియదు, మెదడు సర్దేసుకుంటుంది. కెమెరా సర్దుకోదు. ఆటో వైట్ బ్యాలెన్స్ పెడితే అది ఫ్రేములోని పచ్చని చూసి కంగారుపడి ఊదా రంగు కలుపుతుంది. షాట్ మధ్యలో మామ్మ తెల్ల పంచెలాంటి చీరతో వచ్చేసరికి మళ్లీ మనసు మార్చుకుంటుంది. రెండో రోజు టేకులన్నీ ఇలాగే పోయాయి. పిల్ల మొహం రంగు షాట్‌లోనే మారిపోతోంది.

మధ్యాహ్నం తీసింది కంప్యూటర్లో సాయంత్రంగా మార్చేద్దామని కూడా ప్రయత్నించాను. వెలుగు తగ్గించి, నీలం కలిపాను. చూడగానే దొంగతనం దొరికిపోయింది. నేల మీద కొబ్బరిమట్టల నీడలు కత్తితో కోసినట్టు ఉన్నాయి. మునిమాపు వేళ నీడలే ఉండవు. గ్రేడింగ్‌లో రంగు మార్చొచ్చు, వెలుగు ఎక్కువ తక్కువలు సర్దొచ్చు. వెలుగు ఎటు నుంచి వచ్చిందో, గట్టిగా వచ్చిందో మెత్తగా వచ్చిందో మార్చలేం. ఆ నిర్ణయం గడియారం చూసి తీసుకోవాల్సింది.

అలా మునిమాపుకి వచ్చాం. సూర్యుడు దిగాక ఆకాశం మొత్తం ఒక పెద్ద మెత్తటి దీపం అవుతుంది. పచ్చదనం దానంతట అదే తగ్గి నల్లబడుతుంది. కానీ మనది ఉష్ణమండలం, ఇక్కడ సందెవెలుగు తొందరగా పోతుంది. అస్తమయం నుంచి ఇరవై నిమిషాలు దాటితే ఏమీ మిగలదు. అందులోనూ ఇంట్లో బల్బు వెలుగు, బయట ఆకాశం వెలుగు రెండూ సరితూగేది ఏడెనిమిది నిమిషాలు. దానికి ముందు తీస్తే బల్బు వెలగనట్టుంటుంది, తర్వాత తీస్తే వాకిలి నల్లటి గోడైపోతుంది. నిమిషంన్నర షాట్, సర్దుకునే టైము కలిపితే సాయంత్రానికి మూడు టేకులు. నాలుగు సాయంత్రాలు పట్టింది అందుకే.

హాల్లో తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు ఉండేది, అది తీసేసి అరవై వాట్ల పాత పసుపు బల్బు పెట్టాం. వెలుగు రంగుని కెల్విన్‌లో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. పసుపు బల్బు రంగు 2700 కెల్విన్ దగ్గర ఉంటుంది. అస్తమయం తర్వాత ఆకాశం ఎనిమిది వేలు కూడా దాటుతుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ ఆటో తీసేసి 4500 దగ్గర కదలకుండా పెట్టాను. రెండింటికీ మధ్యలో పెడితే ఇల్లు నారింజగా, వాకిలి నీలంగా వస్తాయి. పిల్ల వీపు మీద, జడ మీద ఇంటి వెచ్చదనం, మొహం వైపు బయటి చలి. లోపలికి రమ్మని పిలుస్తున్న ఇల్లు వెనకాల ఉంది, పిల్ల అటు తిరగదు. ఇది 5600లో పెట్టి చూశాం, వాకిలి నీలం పలచబడి మామూలు సాయంత్రం అయిపోయింది. 3200లో నీలం మరీ ఎక్కువై దెయ్యం సినిమాలా ఉంది.

ఇంకో చిన్న సంగతి. పాత ట్యూబు ఉన్న రోజు తీసిన టేకుల్లో గోడ మీద సన్నటి చారలు కదిలాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేముల్లో తీసినా షట్టర్ 1/50లో పెడితే ఆ గొడవ ఉండదు. నేను పెళ్లి అలవాటులో 1/125లో వదిలేశాను.

బల్బు ఒక్కటే సరిపోలేదు, జడ అంచు చీకట్లో కలిసిపోతోంది. చిన్న ఎల్‌ఈడీ లైటుని సూటిగా కొడితే మళ్లీ స్టూడియో అయిపోయింది. 1956లో వచ్చిన 'అపరాజితో'కి కెమెరామన్ సుబ్రతో మిత్ర కాశీలోని ఇంటి ముంగిలిని సెట్‌గా వేసినప్పుడు పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లు దాని మీదికి కొట్టి, అక్కడి నుంచి తిరిగి వచ్చే వెలుగులో తీశారు. అది గుర్తొచ్చి, పెద్దనాన్నగారి తెల్ల పంచె గోడకి అడ్డంగా కట్టి లైటు దాని మీదికి తిప్పాను. లైటు మీద నారింజ జెల్ పేపరు. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా బల్బు వెలుగులో కలిసిపోయింది.

మూడో సాయంత్రం నాకు మంచి టేకు దొరికింది. దొరికిందనుకున్నాను. ఇంటికెళ్లి చూస్తే ఆకాశంలో నీలం నుంచి బూడిద రంగుకి వెళ్లే చోట మెట్లు మెట్లుగా చారలు. కార్డులో జాగా మిగలాలని పొద్దున పెళ్లిలో 8 బిట్‌కి మార్చి, మళ్లీ మార్చడం మర్చిపోయాను. 8 బిట్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024. లాగ్‌లో, అంటే తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా చప్పగా తీసిన బొమ్మని గ్రేడింగ్‌లో సాగదీస్తే ఆ తక్కువ మెట్లు బయటపడిపోతాయి. సందెవేళ ఆకాశంలాంటి నెమ్మదిగా మారే రంగులోనే ఇది దొరికిపోతుంది, చెట్ల మీద ఎవరికీ కనపడదు. బావకి చెప్పలేక చెప్పలేక చెప్పాను. "రేపు మళ్లీ తీద్దాం" అన్నాడు. పిల్లకి మాత్రం మళ్లీ అదే గౌను వేసుకోవాలంటే ఏడుపొచ్చింది. మర్నాడు టేకులో ఆ మొహం మాడ్చుకోవడం కొంత నిజమే.

సందె షాట్‌కి గ్రేడింగ్ పెద్దగా అక్కర్లేదు. చిక్కంతా దాని ముందు సీనుతో వచ్చింది, అమ్మ ఆటో ఎక్కే సీను. అది మబ్బు పట్టిన మధ్యాహ్నం తీశాం. మబ్బున్నా పచ్చదనం పచ్చదనమే. అమ్మ ఏడుస్తుంటే వెనకాల అరటితోట పండగ చేసుకుంటోంది. ముందు ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఎల్‌యూటీ, అంటే రంగులు మార్చే రెడీమేడ్ లెక్క, వేశాను, నీడలు నీలంగా, ఒళ్లు నారింజగా చేసేది. అరటాకులు తుప్పుపట్టిన రేకుల్లా తయారయ్యాయి, పిల్ల మొహం గుమ్మడిపండులా అయింది. ఇంకెవరి వెలుగులోనో, ఇంకెవరి కెమెరాకో చేసిన లెక్క మన ఫుటేజీకి ఎందుకు కుదురుతుంది?

హైదరాబాద్‌లో కలరిస్టుగా పనిచేస్తున్న మా బావ స్నేహితుడు సెలవుకి వచ్చి ఒక పూట కూర్చున్నాడు. గ్రేడింగ్ చేసే డావిన్చీ రిజాల్వ్ తెరిచి, బొమ్మలో రంగులు ఎటు మొగ్గాయో చూపే వెక్టార్‌స్కోప్ చూపించి అడిగాడు: "మీ కొబ్బరాకు ఏ రంగండీ?" ఆకుపచ్చ అన్నాను. స్కోప్‌లో చూస్తే ఆకుల గుంపు ఆకుపచ్చ దగ్గర లేదు, పసుపుకీ ఆకుపచ్చకీ మధ్యలో, పసుపు వైపు మొగ్గి ఉంది. నేను రెండు రోజులుగా ఆకుపచ్చని తగ్గిస్తుంటే ఏమీ తగ్గకపోవడానికి కారణం అదీ! మనుషుల ఒంటి రంగు ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత దగ్గర ఉంటుంది. తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా దాదాపు ఆ గీతే, వెలుగులోనే తేడా. అంటే ఆకులకీ మనుషులకీ మధ్య ఉన్నది ఒక్క పసుపు. మామ్మగారు మొహానికి పసుపు రాసుకుని వచ్చారు, సరిగ్గా ఆ మధ్యలో.

ఒక్కో రంగు గాఢతని విడిగా మార్చే Hue vs Sat లో పసుపుపచ్చ మేర దగ్గర గీత కిందకి లాగి ఆకుల రంగు మూడో వంతు దించాం. అంతకు మించితే అరటాకు ఎండుటాకైపోయి కరువులా కనిపిస్తుంది. కోనసీమని చంపేస్తే అమ్మ ఎందుకు వెళ్లిందో అన్న ప్రశ్న మారిపోతుంది. ఇంత పచ్చగా ఉన్నచోటు నుంచే వెళ్లాల్సి వచ్చిందన్నది కథ. తర్వాత ఒక రంగుని పక్క రంగు వైపు జరిపే Hue vs Hue లో ఆకుల్ని కాసింత నీలం వైపు తోశాం. పసుపు పోయి, వాన ముందు ఆకులా చల్లగా అయ్యాయి. అప్పుడు మామ్మగారి బుగ్గలు బూడిదరంగు తిరిగాయి, పసుపు కూడా ఆకులతోపాటు కొట్టుకుపోయింది. మొహం చుట్టూ మాస్క్ గీసి, ఆవిడ కదిలినంత మేరా ట్రాక్ చేసి, ఆ మార్పు మొహానికి అంటకుండా చేశాం. నలభై సెకన్ల షాట్‌కి రెండు గంటలు. ముందే అనుకుని ఆవిణ్ని ఆ ఒక్కరోజు పసుపు రాసుకోవద్దంటే పోయేది. అనగలమా అన్నది వేరే విషయం.

ఆ కుర్రాడు ఇంకొకటి కూడా ఆపాడు. నేను అలవాటుకొద్దీ పిల్ల మొహం మీద వెలుగు పెంచబోయాను. పిల్ల చామనఛాయ కంటే నలుపు. పెళ్లిళ్లలో అడక్కముందే తెల్లగా చేసి ఇస్తాం, అడిగించుకుంటే అవమానం. "సందెవేళ ఆ పిల్ల మొహం మాత్రమే ఎందుకు వెలుగుతోందండీ? అక్కడ దీపం ఉందా?" అన్నాడు. నిజానికి పిల్ల బుగ్గ మీద ఆకాశపు నీలం సన్నగా మెరిసేది నలుపు మీదే బాగా తెలుస్తోంది. వెలుగు పెంచితే ఆ మెరుపు పోయింది. వెనక్కి తీసుకున్నాను.

రాత్రిపూట గ్రేడింగ్ చేసేటప్పుడు కళ్లు మోసం చేస్తాయి. గంటసేపు చల్లటి బొమ్మ చూస్తే అదే మామూలనిపించి ఇంకా చల్లబరుస్తాం. పొద్దున లేచి చూస్తే అందరూ నీళ్లలో మునిగినట్టుంటారు. అందుకని గ్రేడింగ్ మొదటి రోజు కుదిరిన ఫ్రేము ఒకటి స్టిల్‌గా దాచుకుని, పది నిమిషాలకోసారి దాని పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టాను. ఆ తర్వాత రోజులు వృథా కాలేదు.

అంతా అయ్యాక అదే ఇంట్లో, అదే హాల్లో, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి వేశాం. ఆటో సీను మొదలయ్యేసరికి నా గుండె జారింది. కొబ్బరాకులు మళ్లీ చిలకపచ్చ! టీవీలో పిక్చర్ మోడ్ Vivid లో ఉంది. కంపెనీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఎవరూ మార్చినట్టు లేదు. రిమోట్ కోసం దిళ్ల కింద వెతికి, Movie కి మార్చి, మొదటి నుంచి వేశాను. ఇంక ఎవరింట్లో చూసినా ఇదే గొడవ, అన్ని ఇళ్లకీ వెళ్లి రిమోట్లు వెతకలేను.

అరుగు షాట్ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. పంకా చప్పుడు మాత్రం వినపడుతోంది. తెర మీద పిల్ల వీపు, ఎడమవైపు తలుపు, కుడివైపు వాకిట్లో చీకటి పడుతోంది. మామ్మగారు తన వేషం రావడానికి ముందే ముందుకి వంగి, తెర వైపు చెయ్యి చూపించారు.

"పొద్దు పోయింది, ఆ దండెం మీద చీర తియ్యలేదేంటి ఎవరూ?"